జనరేటివ్ ఫిల్‌తో వస్తువు మార్చినా చుట్టూ హేలో రాకుండా: ఎక్స్‌పాండ్, ఫెదర్ వాడే పద్ధతి

విజయవాడ, గుంటూరు స్టూడియోల్లో ఫొటోషాప్ మీద కూర్చునేవాళ్లు తరచూ అడిగేది ఒకటే. "వస్తువు చక్కగా మారింది, కానీ చుట్టూ సన్నగా ఒక గీత ఉండిపోతోంది. ఫెదర్ పెంచితే గీత పోయి మసక వస్తోంది. తగ్గిస్తే మళ్లీ గీత వస్తోంది. ఎంత పెట్టాలి?"

ఫెదర్ అంకె ఒక్కటే తెలిస్తే ఈ సమస్య తీరదు. ఫెదర్‌కి ముందు సెలెక్షన్‌ని ఎంత వెడల్పు చేశారన్నదే అసలు సంగతి. ఆ రెండు అంకెలకూ మధ్య ఒక లెక్క ఉంది. ఆ లెక్కను ఒక ఫొటో మీద మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ చేసి చూద్దాం.

ఫొటో ఇది. గుంటూరు దగ్గర ఒక మిర్చి కల్లం. ఎండుమిర్చి రాశి మీద మిర్చితో నిండిన నీలం ప్లాస్టిక్ టబ్బు ఉంది. టబ్బుకి ఎడమవైపు వెనక సున్నం కొట్టిన గోడ, కుడివైపు వెనక గోనె టిక్కీల వరస. కుడి అంచుని ఒక కూలీ ఆకుపచ్చ చీర కొంగు కొద్దిగా కప్పుతోంది. వ్యాపారి క్యాలెండర్ కోసం నీలం టబ్బు తీసేసి వెదురు గంప పెట్టాలి. ఫొటో సైజు 6000×4000 పిక్సెళ్లు. టబ్బు వెడల్పు సుమారు 1100 పిక్సెళ్లు.

ఈ ఒక్క టబ్బు చుట్టూ నాలుగు రకాల అంచులు ఉన్నాయి. నున్నటి గోడ, గరుకు గోనె, మిర్చి రాశి, ముందుకు వచ్చిన గుడ్డ. నాలుగింటికీ ఒకే ఫెదర్ పెడితే ఎక్కడో ఒకచోట హేలో తప్పదు.

## 1. హేలో ఎందుకు వస్తుంది

ఫొటోలో ఏ వస్తువు అంచూ కత్తితో కోసినట్టు ఉండదు. నీలం టబ్బు ముగిసి తెల్ల గోడ మొదలయ్యే చోట కొన్ని పిక్సెళ్లు సగం నీలం, సగం తెలుపుగా ఉంటాయి. లెన్స్ మెత్తదనం, షార్పెనింగ్, జేపెగ్ కుదింపు, అన్నీ కలిసి ఆ పట్టీని ఇంకాస్త వెడల్పు చేస్తాయి. ఆబ్జెక్ట్ సెలెక్షన్ టూల్ టబ్బుని ఎంత బాగా పట్టుకున్నా, దాని గీత ఈ పట్టీ మధ్యలోంచే పోతుంది. బయట మిగిలిన సగం పట్టీయే మీకు కనిపించే నీలం గీత.

దీనికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. జనరేటివ్ ఫిల్ సెలెక్షన్ బయట ఉన్నదాన్ని చూసి లోపల ఏం నింపాలో తేల్చుకుంటుంది. బయట సన్నని నీలం గీత మిగిలితే, ఇక్కడ నీలంగా ఏదో ఉందని దానికి మీరే చెప్పినట్టు అవుతుంది. అప్పుడు గంపకి నీలం అంచు వస్తుంది. టబ్బు నీడను బయట వదిలేస్తే, ఆ నీడకి సరిపడే ఆకారాన్నే మళ్లీ తయారుచేస్తుంది. కాబట్టి మిగిలిపోయిన అంచు అక్కడ ఉండిపోవడంతో ఆగదు, ఫలితాన్ని కూడా తనవైపు లాగుతుంది.

ఎక్స్‌పాండ్ చేయకుండా ఫెదర్ మాత్రమే పెడితే పని ఇంకా చెడుతుంది. ఫెదర్ గీతకి బయటికే కాదు, లోపలికీ సమానంగా పాకుతుంది. అంటే టబ్బు అంచు మీదున్న పిక్సెళ్లు సగమే సెలెక్ట్ అవుతాయి. కొత్త గంప వాటిని సగమే కప్పుతుంది, మిగతా సగం పాత నీలం కింద నుంచి కనిపిస్తుంది. ఫెదర్ పెంచిన కొద్దీ ఆ నీలం నీడ వెడల్పవుతుంది. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

## 2. మొదలుపెట్టే ముందు

షార్పెనింగ్ ఈ పని అయ్యాకే చేయాలి. ముందే షార్ప్ చేసిన ఫొటోలో ప్రతి అంచుకీ ఒక తెల్ల గీత, ఒక నల్ల గీత అప్పటికే ఉంటాయి. వాటిని దాటి సెలెక్షన్ వెడల్పు చేయాలంటే చాలా దూరం పోవాల్సి వస్తుంది. రా ఫైల్ ఉంటే Camera Raw లో `Remove Chromatic Aberration` టిక్ పెట్టి తెరవండి. అంచుల్లో ఊదా, ఆకుపచ్చ గీతలు అక్కడే తగ్గుతాయి.

ఫైల్ ఆర్‌జీబీలోనే ఉండాలి. ప్రెస్ వాళ్లు సీఎంవైకే అడిగినా, మార్చడం చివర్లో పెట్టుకోండి.

తర్వాత అంచు పట్టీ కొలవండి. దీన్ని వదిలేస్తే మిగతా అంకెలన్నీ ఊహలే అవుతాయి. 400 శాతానికి జూమ్ చేసి, టబ్బు అంచు గోడని తాకే చోట చూడండి. పూర్తి నీలం ఆగిన చోటు నుంచి పూర్తి తెలుపు మొదలైన చోటుదాకా ఎన్ని పిక్సెళ్లున్నాయో లెక్కపెట్టండి. ఒక్కచోట సరిపోదు, మూడు నాలుగు చోట్ల చూసి ఎక్కువ వచ్చినది రాసుకోండి. మన ఫొటోలో అది 7 పిక్సెళ్లు అనుకుందాం.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయితే ఈ కొలత మోసం చేస్తుంది. జేపెగ్ 8×8 పిక్సెళ్ల గడులుగా కుదిస్తుంది. అంచు పడిన గడి మొత్తంలో మచ్చలు పడతాయి, రంగు మచ్చలు పక్క గడికీ పాకవచ్చు. కంటికి 3 పిక్సెళ్లే కనిపించినా, అలాంటి ఫొటోలో 8 నుంచి 16 దాకా లెక్కలో వేసుకోండి. వీలైతే ఒరిజినల్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపించమని అడగండి, సగం పని అక్కడే తగ్గుతుంది.

## 3. సెలెక్షన్: వస్తువు, దాని నీడ, దాని రంగు

ఆబ్జెక్ట్ సెలెక్షన్ టూల్‌తో టబ్బు పట్టుకోండి. లోపల ఉన్న మిర్చి కూడా సెలెక్షన్‌లోకి రావాలి. టబ్బు అంచు చుట్టూ మిర్చి మీద నీలం ఛాయ పడి ఉంటుంది కనుక పాత మిర్చిని అట్టే పెట్టుకుందామనుకుంటే గంప అంచులో నీలం మిగులుతుంది.

ఇప్పుడు లాసో తీసుకుని, Shift నొక్కి పట్టి రెండు భాగాలు కలపండి. మొదటిది నీడ. మన ఫొటోలో టబ్బు నీడ కుడివైపు రాశి మీద సుమారు 350 పిక్సెళ్లు సాగింది, మొత్తం కలపాలి. రెండోది టబ్బు అడుగున మిర్చి మీద పడిన నీలం ప్రతిబింబం. ఎండలో ప్లాస్టిక్ తన రంగుని పక్కకి చిమ్ముతుంది. ఎరుపు మీద నీలం పడితే ఊదాగా, మురికిగా కనిపిస్తుంది. ఇక్కడ అది అంచు నుంచి 40 పిక్సెళ్ల దాకా ఉంది. చాలామంది నీడ కలుపుతారు, ఈ రంగుని మర్చిపోతారు.

లాసోకి పైన ఆప్షన్స్ బార్‌లో `Feather` అనే గడి ఉంటుంది. అది 0 px ఉందో లేదో తప్పకుండా చూడండి. పోయినసారి ఎప్పుడో పెట్టిన 20 అక్కడే ఉండిపోతే, మీరు కలిపిన నీడ భాగం 20తో, మిగతాది 0తో సెలెక్ట్ అవుతాయి. తర్వాత మీరు పెట్టే ఫెదర్ దాని మీద ఇంకో పొరగా పడుతుంది. అప్పుడు ఏ అంకే లెక్కకి రాదు.

ఇప్పటిదాకా చేసిన టబ్బు సెలెక్షన్‌ని ముందు `Select` మెనూలోని `Save Selection` తో `tub` అని పేరు పెట్టి దాచండి, కొత్త సెలెక్షన్ గీస్తే ఇది పోతుంది. తర్వాత కొంగుని కూడా విడిగా సెలెక్ట్ చేసి పెట్టుకోండి. కొత్తగా కొంగు ఒక్కదాన్నే పట్టుకుని, `Select > Modify > Contract` లో 3 ఇవ్వండి. అంచులో ఆకుపచ్చా నీలం కలిసిన పిక్సెళ్లు ఆ 3లో బయటికి పోతాయి, అవి ఫిల్ కిందికి రావాలి. తర్వాత `Select > Save Selection` లో `kongu` అని పేరు పెట్టి దాచండి. అంకెలు మార్చి మళ్లీ చేయాల్సి వస్తే మొదటి నుంచి గీసే పని ఉండదు.

## 4. ఎక్స్‌పాండ్ ఎంత: లెక్క

ముందు ఎక్స్‌పాండ్, తర్వాతే ఫెదర్. ఈ వరస తిరగేయకండి. ఫెదర్ పెట్టిన మెత్తటి సెలెక్షన్‌ని తర్వాత ఎక్స్‌పాండ్ చేస్తే అంచు ఎక్కడ ఉందో కంటికి తెలియదు, మెత్తదనం కూడా అనుకున్నట్టు ఉండదు.

ఫెదర్ 4 పెట్టారంటే మెత్తదనం 4 పిక్సెళ్లలోనే ఆగదు. గీత మీద సెలెక్షన్ 50 శాతం ఉంటుంది. గీత నుంచి 4 పిక్సెళ్లు లోపలికి సుమారు 84 శాతం, 8 పిక్సెళ్లు లోపలికి సుమారు 98 శాతం. దాదాపు పూర్తిగా సెలెక్ట్ కావాలంటే 12 పిక్సెళ్లు, అంటే ఫెదర్‌కి మూడింతలు లోపలికి పోవాలి. పాత వస్తువు చివరి నీలం పిక్సెల్ ఆ మూడింతల లోపలే ఉండాలి, లేకపోతే అది కొద్దిగానైనా కనిపిస్తుంది.

అందుకని లెక్క ఇలా వస్తుంది:

```
Expand = అంచు పట్టీ + 3 × Feather
```

మన ఫొటోలో మామూలు ఫెదర్ 4 అనుకుంటే, 7 + 12 = 19. ఒకటి కలిపి 20 పెడదాం. `tub` సెలెక్షన్ లోడ్ చేసి, `Select > Modify > Expand` లో 20 ఇవ్వండి.

ఫోన్‌తో తీసిన 4000×3000 ఫొటోలో అంచు పట్టీ 4, ఫెదర్ 2 అయితే ఎక్స్‌పాండ్ 10 చాలు. వేరే ఫొటోలో ఎవరికో కుదిరిన 20ని తెచ్చి ఇక్కడ పెట్టకండి.

మరీ ఎక్కువ పెడితే నష్టం లేదా అంటే, ఉంది. సెలెక్షన్ పెద్దదయ్యేకొద్దీ గోడ మీది మరకలు, టిక్కీ కుట్లు కూడా ఫిల్ కొత్తగా ఊహించి వేస్తుంది. పైగా పెద్ద జాగా నింపినప్పుడు వివరం మెత్తబడుతుంది. మొదటి వెర్షన్లలో ఫిల్ 1024 పిక్సెళ్ల మేరకే గీసి, పెద్ద సెలెక్షన్లకి దాన్నే సాగదీసేది. కొత్త వెర్షన్లు మెరుగే అయినా పెద్ద సెలెక్షన్లలో అల్లిక మెత్తగా వచ్చిందేమో 100 శాతంలో చూసుకోవాల్సిందే. లెక్కకి వచ్చిన దానికంటే నాలుగైదు పిక్సెళ్లు ఎక్కువుంటే పర్వాలేదు, రెట్టింపు మాత్రం వద్దు.

## 5. ఫెదర్: వెనక ఏముందో చూసి

ఎక్స్‌పాండ్ అయ్యాక కొత్త అంచు టబ్బు మీద ఉండదు, గోడ మీదో గోనె మీదో ఉంటుంది. అంటే ఇప్పుడు ఫెదర్ కలపాల్సింది గంపనీ గోడనీ కాదు, ఫిల్ వేసిన కొత్త గోడనీ, ఉన్న పాత గోడనీ. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే అంకె తేలిక.

గరుకు ఉన్నచోట ఫెదర్ చిన్నది పెట్టాలి. గోనె నేత మీద 12 ఫెదర్ పెడితే, పాత నేత సగం, కొత్త నేత సగం ఒకదాని మీద ఒకటి పడి ఆ పట్టీలో నేత చెరిగిపోతుంది. టబ్బు చుట్టూ మసక వలయం వచ్చిందంటే కారణం ఇదే. మిర్చి రాశి కూడా అంతే. ఒక్కో కాయ అంచూ స్పష్టంగా ఉండాలి. రెండుచోట్లా 3 నుంచి 4 చాలు. ఇలాంటి రద్దీలో చిన్న అతుకుని కన్ను పట్టుకోదు.

నున్నగా ఉన్నచోట పెద్దది కావాలి. సున్నం గోడ మీద వెలుగు మెల్లగా మారుతుంది. ఫిల్ వేసిన గోడ రంగు రెండు మూడు స్థాయిలు తేడా వచ్చినా 4 ఫెదర్‌లో అది మెట్టులా కనిపిస్తుంది. ఇక్కడ 12 కావాలి. లెక్క ప్రకారం ఎక్స్‌పాండ్ కూడా పెరగాలి: 7 + 36 = 43, అంటే 45. మనం పెట్టింది 20 కనుక గోడవైపు ఇంకో 25 కలపాలి.

ఇలా చేయండి:

1. ఎక్స్‌పాండ్ 20 అయిన సెలెక్షన్‌కి, లాసోతో Shift పట్టి గోడవైపు మాత్రం ఇంకో 25 పిక్సెళ్లు కలపండి. చేత్తో గీసిన గీత కాస్త వంకరైనా పర్వాలేదు. నున్నటి గోడ మీద వంకర గీత కలిసినంత బాగా తిన్నని గీత కలవదు.
2. `Shift+F6` నొక్కి మొత్తానికి ఫెదర్ 4 ఇవ్వండి. ల్యాప్‌టాప్‌లో Fn కూడా నొక్కాల్సి రావచ్చు.
3. `Q` నొక్కి క్విక్ మాస్క్‌లోకి వెళ్లండి. గోడవైపు అంచు చుట్టూ వెడల్పుగా లాసో గీసి, ఆ లాసోకి `Shift+F6` తో 30 ఇవ్వండి. అప్పుడు గోడ ముగిసి గోనె మొదలయ్యే చోట మార్పు ఒక్కసారిగా రాదు.
4. `Filter > Blur > Gaussian Blur` లో 11 పెట్టండి. ముందున్న 4తో కలిసి ఇది సుమారు 12 అవుతుంది. ఫెదర్లు నేరుగా కూడుకోవు. పెద్దదే ఎక్కువగా పనిచేస్తుంది.
5. `Ctrl+D`, తర్వాత మళ్లీ `Q`.
6. ఇప్పుడు కొంగు. `Select > Load Selection` లో `kongu` ఎంచుకుని, కింద `Subtract from Selection` టిక్ పెట్టండి.

ఆరో మెట్టు చివరే ఎందుకంటే, కొంగుని ఫెదర్‌కి ముందు తీసేస్తే ఆ 4 ఫెదర్ కొంగు మీదికి పాకుతుంది, గుడ్డ అంచు సగం కరిగిపోతుంది. ముందుకు వచ్చిన వస్తువు అంచు ఎప్పుడూ గట్టిగా ఉండాలి. చెయ్యి, కొంగు, తాడు, ఏదైనా సరే, ఫెదర్ తర్వాతే తీసేయండి.

కదిలే చీమల గీతని చూసి ఫెదర్ అంచనా వేయకండి. అది 50 శాతం ఎక్కడుందో మాత్రమే చూపిస్తుంది. మెత్తదనం ఎంతుందో చూడాలంటే `Q` నొక్కి ఎరుపు పొరలో చూడాలి. మన ఫొటోలో మిర్చీ ఎరుపే కనుక ఆ పొర తేలదు. టూల్‌బార్ అడుగున క్విక్ మాస్క్ గుర్తు మీద డబుల్ క్లిక్ చేసి రంగుని పచ్చగా మార్చుకోండి.

జనరేట్ నొక్కే ముందు ఇవి చూసుకోండి:

- [ ] టబ్బు నీలం పిక్సెల్ ఒక్కటైనా సెలెక్షన్ బయట లేదు
- [ ] నీడ, మిర్చి మీది నీలం ఛాయ లోపలే ఉన్నాయి
- [ ] గోనె, మిర్చి వైపు అంచు సన్నగా, గోడవైపు మెత్తగా ఉంది
- [ ] కొంగు పూర్తిగా బయట ఉంది, దాని అంచు పదునుగా ఉంది
- [ ] ఈ సెలెక్షన్‌ని కూడా `final` అని సేవ్ చేశారు

## 6. జనరేట్

టాస్క్ బార్‌లో `Generative Fill` నొక్కి, కావాల్సిన వస్తువు పేరు మాత్రమే రాయండి. "టబ్బు తీసి గంప పెట్టు" లాంటి ఆజ్ఞ అక్కర్లేదు. టబ్బు అన్న మాటే రాయకపోవడం మంచిది.

```
woven bamboo basket filled with dried red chillies
```

సెలెక్షన్ ఆకారం ఫలితాన్ని నడిపిస్తుంది. గంప పైన విప్పారి, అడుగున సన్నగా ఉంటుంది. టబ్బు దాదాపు నిలువుగా ఉంది. గంప మూతి టబ్బు కన్నా వెడల్పుగా రావాలనుకుంటే, మూడో దశలోనే పైన రెండు పక్కలా జాగా కలపాలి. చోటు లేకపోతే గంప మూతి సెలెక్షన్ గీత దగ్గర తెగినట్టు వస్తుంది. ఫెదర్ ఆ తెగిన చోటుని మెత్తబరిస్తే అదీ హేలోలాగే కనిపిస్తుంది. ఇలాంటప్పుడు ఫెదర్‌ని సరిచేసి లాభం లేదు, జాగా పెంచాలి.

కొత్త వస్తువు పాతదానికంటే బాగా చిన్నదైతే రెండు దఫాలుగా చేయండి. మొదట మాటలేమీ రాయకుండా ఖాళీగా జనరేట్ చేసి టబ్బుని తుడిచేయండి. తర్వాత కొత్త వస్తువుకి సరిపడా, దాని నీడకి కూడా చోటిస్తూ, వేరే సెలెక్షన్ గీసి పేరు రాయండి. క్రెడిట్లు ఎక్కువ ఖర్చవుతాయి, కానీ అంచులు శుభ్రంగా వస్తాయి.

వచ్చిన మూడింటిలో గంప అందం చూసి ఎంచుకోవద్దు. ముందు అంచులు చూడండి. నీడ సరైన వైపు పడిందా, గోడ వెలుగు కలిసిందా, టిక్కీ కుట్టు గీత అతుకు దగ్గర తెగకుండా సాగిందా అన్నవి చూడండి. అల్లికలో చిన్న లోపాన్ని తర్వాత దిద్దవచ్చు. కుట్టు గీత తప్పిపోతే దిద్దడం చాలా కష్టం.

## 7. అతుకు కనిపిస్తోందా: పరీక్ష

100 శాతం జూమ్‌లో కంటికి బాగున్నది ప్రింట్‌లో బయటపడుతుంది. అందుకని అన్నిటికంటే పైన ఒక Curves అడ్జస్ట్‌మెంట్ లేయర్ పెట్టి, గీతని నిటారైన ఎస్ ఆకారంలోకి వంచండి. ఫొటో వికారంగా అవుతుంది, కానీ గోడ మీద రెండు స్థాయిల తేడా కూడా స్పష్టంగా తేలుతుంది. అంచు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగి చూసి, తర్వాత ఆ లేయర్ కన్ను గుర్తు ఆపేయండి.

రెండో పరీక్ష `Channels` ప్యానెల్‌లో. నీలం టబ్బు గీత మిగిలిందేమో చూడటానికి బ్లూ చానెల్ ఒక్కదాన్నే పెట్టి చూడండి. మిర్చి బ్లూ చానెల్‌లో దాదాపు నల్లగా ఉంటుంది. నీలం మిగిలితే అక్కడ తెల్లని దారంలా కనిపిస్తుంది. మీరు తీసేసిన వస్తువు ఎరుపైతే రెడ్ చానెల్ చూడాలి.

## 8. తప్పు వస్తే: లక్షణం చూసి మందు

పాత రంగు గీత. ఎక్స్‌పాండ్ తక్కువైంది. చుట్టూ ఉంటే మళ్లీ `tub` లోడ్ చేసి, ఎక్స్‌పాండ్ 8 పెంచి జనరేట్ చేయడమే తొందరగా అయ్యే పని. ఒక్కచోటే ఉంటే ముందు జనరేటివ్ లేయర్ మాస్క్ మీద Shift పట్టి క్లిక్ చేసి చూడండి. మాస్క్ బయట కూడా ఫిల్ పిక్సెళ్లు ఉంటే, మాస్క్ మళ్లీ పెట్టి, ఆ చోట తెల్ల బ్రష్ రాస్తే గీత కప్పబడుతుంది. లేకపోతే పైన ఖాళీ లేయర్ పెట్టి, Clone Stamp కి `Sample: Current & Below` ఎంచుకుని దిద్దండి. గీత ఆకారం పోయి రంగు మాత్రమే మిగిలిందా? ఖాళీ లేయర్ మోడ్ `Color` కి మార్చి, పక్క గోనె రంగుని తీసుకుని మెత్తటి బ్రష్‌తో రాయండి. నేత అలాగే ఉండి నీలం పోతుంది.

మసక వలయం. ఫెదర్ ఎక్కువైంది. మళ్లీ జనరేట్ చేయక్కర్లేదు. జనరేటివ్ లేయర్ మాస్క్ మీద క్లిక్ చేసి, మసకగా ఉన్న భాగం చుట్టూ లాసో గీసి, `Ctrl+L` నొక్కండి. Levels లో నల్ల స్లైడర్ 60కి, తెల్ల స్లైడర్ 195కి తెస్తే మెత్తటి పట్టీ సగానికి తగ్గుతుంది. మధ్య స్లైడర్ జరిపితే అంచు లోపలికో బయటికో జరుగుతుంది. పాత నీలం కొద్దిగా కనిపిస్తుంటే దాన్ని ఎడమకి జరిపి తెలుపు పెంచండి.

గోడ మీద మెట్టు. అంచు మెత్తగానే ఉంది, కానీ లోపలి గోడ కాస్త పసుపో ముదురో అయింది. ఫెదర్ ఎంత పెంచినా ఇది మచ్చలాగే ఉంటుంది, కాబట్టి ముందు రంగు కలపాలి. జనరేటివ్ లేయర్ మీద Curves లేయర్ పెట్టి, రెండు లేయర్ల మధ్య Alt పట్టి క్లిక్ చేసి దానికే బిగించండి. `Info` ప్యానెల్ తెరిచి, అతుకుకి అటూ ఇటూ ఆర్‌జీబీ అంకెలు చూస్తూ, ఏ చానెల్ తేడా ఉందో దాన్ని మాత్రమే జరపండి. ఈ మార్పు గంపకి తగలకుండా Curves మాస్క్‌లో గంప మీద నల్ల బ్రష్ రాయండి. రంగు కలిశాక కూడా గీత ఉంటే అప్పుడు గోడవైపు మాస్క్‌కి మాత్రం కాస్త గాషియన్ బ్లర్ ఇవ్వండి.

అతుకు దగ్గర నేత కలవకపోవడం. మాస్క్ మీద `Ctrl` పట్టి క్లిక్ చేస్తే సెలెక్షన్ వస్తుంది. `Select > Modify > Border` లో 20 ఇస్తే అతుకు మీద పట్టీలా సెలెక్షన్ మిగులుతుంది. లాసోతో Alt పట్టి అక్కర్లేని చోట్లు తీసేసి, కలవని ముక్క మాత్రమే ఉంచండి. మాటలు రాయకుండా జనరేట్ చేయండి. రెండు పక్కలా ఉన్న నేత చూసి మధ్య పట్టీని కలుపుతుంది. మొత్తం వలయానికి ఒకేసారి చేస్తే కొత్త వలయం పుట్టే ప్రమాదం ఉంది.

గంప ప్లాస్టిక్‌లా నున్నగా ఉండటం. ఇది హేలో కాదు గానీ హేలో ఉన్నట్టే అనిపిస్తుంది. చుట్టూ కెమెరా గ్రెయిన్ ఉండి, ఫిల్ భాగంలో లేకపోతే ఆ రెండూ కలిసే గీత కంటికి తెలుస్తుంది. పైన కొత్త లేయర్ పెట్టి `Edit > Fill` లో `50% Gray` నింపండి. మోడ్ `Overlay` చేసి, జనరేటివ్ లేయర్‌కి బిగించి, `Filter > Noise > Add Noise` లో `Gaussian`, `Monochromatic` పెట్టి 2 శాతంతో మొదలుపెట్టండి. గోడ గ్రెయిన్‌ని పక్కన పెట్టి చూస్తూ పెంచండి. గ్రెయిన్ ముద్దలు మరీ చిన్నవిగా ఉంటే 0.5 గాషియన్ బ్లర్ ఇవ్వండి.

ఈ పద్ధతికి లొంగనివీ ఉన్నాయి. గాజు సీసా వెనకున్నది దాని లోంచి కనిపిస్తుంది, అందుకని దానికి అంచు పట్టీ అంటూ వేరుగా ఉండదు. వెంట్రుకలు వస్తువు మీదికి పడి ఉంటే ఎక్స్‌పాండ్ వాటిని తినేస్తుంది. అలాంటప్పుడు ఆ వ్యక్తిని ముందే `Select and Mask` లో విడిగా కోసి పై లేయర్‌గా పెట్టుకుని, కింద లేయర్‌లో ఫిల్ చేయాలి.

## 9. ఇవ్వడానికి ముందు

- [ ] పరీక్ష కోసం పెట్టిన Curves లేయర్ తీసేశారు
- [ ] బ్లూ చానెల్‌లో తెల్ల దారం లేదు
- [ ] కొంగు అంచు 200 శాతంలో పదునుగా ఉంది
- [ ] నీడ కింద ఊదా మచ్చ మిగల్లేదు
- [ ] లేయర్లతో పీఎస్‌డీ వేరుగా దాచారు

షార్పెనింగ్ ఇప్పుడు చేయాలి, అదీ లేయర్లన్నీ కలిపిన కాపీ మీద. `Ctrl+Alt+Shift+E` తో పైన ఒక కలిపిన లేయర్ చేసుకుని దాని మీద చేయండి. చేశాక అతుకు చుట్టూ మరోసారి తిరగండి. మిగిలిన ఏ చిన్న తేడానైనా షార్పెనింగ్ గీతగా మారుస్తుంది. అలా తేలితే అక్కడ మాత్రం షార్ప్ లేయర్‌కి మాస్క్ పెట్టి తగ్గించండి.

క్యాలెండర్ ప్రెస్‌కి పంపేటప్పుడు కాపీని సీఎంవైకేకి మార్చాక మిర్చి ఎరుపు కొంత మందగిస్తుంది, నీడల్లో తేడాలు ముందుకొస్తాయి. గంప అడుగున నీడ కలిసే చోటు ఒకసారి చూసి, అవసరమైతే ఆర్‌జీబీ పీఎస్‌డీలో దిద్ది మళ్లీ మార్చండి. అదే ఫొటో పెద్ద ఫ్లెక్స్‌కి వెళ్తుంటే, ప్రింట్ అయ్యే సైజులో గంప ఉన్న ఒక అడుగు ముక్కని శాంపిల్ తీయించి చూడమని వ్యాపారికి చెప్పండి. దూరం నుంచి చూసే ఫ్లెక్స్‌లో సన్నని గీత పోతుంది గానీ, గోడ మీది మెట్టు మాత్రం ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది.